ఖర్చుల పుస్తకం అమ్మాయి చేతికివ్వండి

ప్రశ్న: మా వారి ఉద్యోగం పోయి మూడు నెలలైంది. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. చదువు పాడవుతుందని తనకి చెప్పలేదు. ఊళ్లో స్థలం అమ్మి మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ డేటా సైన్స్ సీటు కొందామా, కన్వీనర్ కోటాలో ఈసీఈ వస్తే దాంతో సరిపెట్టుకోమందామా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మూడు నెలలుగా నాన్న ఇంట్లోనే ఉంటే పదిహేడేళ్ల పిల్లకి ఏమీ తెలియదనుకుంటున్నారా? తెలుసు. ఇంట్లో ఎంత ఉందో, ఎన్నాళ్లొస్తుందో మాత్రం తెలియదు. ఆ తెలియనిదాన్నే రాత్రిళ్లు పదింతలు చేసుకుని భయపడుతుంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబం సంగతి చెబుతాను, వినండి.

కూకట్‌పల్లిలో అద్దె ఇల్లు. తండ్రి ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. ఇద్దరు పిల్లలు, నానమ్మ. ఆయన కూడా మొదటి నెల దాచారు. రెండో నెల ఒక ఆదివారం అందరినీ కూర్చోబెట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టి, పెద్దమ్మాయి చేత ఖర్చులన్నీ ఒక పుస్తకంలో రాయించారు. నెలకి యాభై వేలు దాటదని ఆయన లెక్క. తేలింది 68,000. ఆఫీసు లెక్కలు చూడటం వేరు, ఇంటి లెక్కలు చూడటం వేరు!

అందరిలాగే వాళ్లూ వంటింటితో మొదలుపెట్టారు. పాలు అర లీటరు తగ్గిద్దాం, నూనె మార్చుదాం అని. గంటసేపు వాదించుకున్నాక కలిసొచ్చింది 2,500. అప్పుడు అమ్మాయి పైనున్న మూడు పెద్ద అంకెల కింద గీత గీసింది: అద్దె 16,000, కారు కిస్తీ 9,500, చిట్టీ 5,000. తండ్రి ముఖం చిన్నబోయిందట. కారు అమ్మితే ఊరంతా తెలిసిపోతుందని ఆయన బాధ.

చివరికి అమ్మేశారు. అప్పు తీరగా 70,000 మిగిలింది, కిస్తీతో పాటు పెట్రోలులో 3,000 తగ్గింది. చిట్టీ మధ్యలో ఆపేస్తే కట్టిన డబ్బు వెంటనే చేతికి రాదు. పాట పాడి ఎత్తుకుందామంటే ఉద్యోగం లేని మనిషికి జామీను ఎవరిస్తారు? అందుకే చిట్టీ కంపెనీ ఒప్పుకోలుతో దాన్ని బావమరిది పేరు మీదికి మార్చి, అప్పటిదాకా కట్టింది ఆయన దగ్గర తీసుకున్నారు. ఆ డబ్బు ఇల్లు మారే ఖర్చుకి సరిపోయింది. కొత్త ఇల్లు 11,000. చిన్నవాడి బడి నడిచి వెళ్లేంత దూరం కాబట్టి వ్యాను 2,000 కూడా మిగిలింది. నానమ్మ తనంతట తనే డాక్టర్‌ని అడిగి జనఔషధిలో మందులు తెప్పించుకుంది. 3,000 అయ్యేది 1,200కి దిగింది. బయటి తిండి, ఓటీటీల వంటివి పిల్లలే కొట్టేశారు.

ఒక్క పద్దు మాత్రం పెరిగింది. ఉద్యోగంతో పాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోయింది. ఇంట్లో పెద్దావిడ ఉండగా అది లేకుండా కూర్చోవడం కుదరదని నెలకి 2,000 పక్కన పెట్టారు. మీ ఇంట్లో ఇది చూసుకున్నారా? నాకు అనుమానమే.

ఇవన్నీ పోను నెల ఖర్చు 35,400కి దిగింది. గ్రాట్యుటీ, ఆఖరి జీతం కలిపి వాళ్ల చేతిలో ఉన్నది 3,70,000. పాత ఖర్చుకి అది ఐదున్నర నెలలు. కారు డబ్బుతో కలిపి కొత్త ఖర్చుకి ఏడాది. దొరికిన మొదటి ఉద్యోగానికి తలవంచకుండా ఆయన తొమ్మిది నెలలు వెతుక్కోగలిగింది అందువల్లే.

ఇక మీ స్థలం. అమ్మకండి. కొంచెం గట్టిగానే అంటున్నాను: పిల్ల కోసం అంటున్నారు గానీ, బంధువుల ముందు సీఎస్ఈ అని చెప్పుకోవడానికి ఎంత, పిల్లకి ఎంత అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. డేటా సైన్స్ అని బోర్డు మార్చిన చాలా కాలేజీల్లో పాఠం చెప్పేది పాత సీఎస్ఈ వాళ్లే. ఆ సబ్జెక్టుకి కావలసిన గణితం గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు, కాబట్టి నాలుగేళ్లూ జేబులోంచే కట్టాలి. ఈసీఈ వాళ్లని సాఫ్ట్‌వేర్ కంపెనీలు తీసుకోవడం కొత్తేం కాదు. పోల్చి చెప్పమన్నారు గానీ, మీ పరిస్థితిలో ఇంతకుమించి పోల్చడానికేమీ లేదు. కన్వీనర్ కోటా సీటు వస్తే రీయింబర్స్‌మెంట్‌కి మీకు అర్హత ఉందేమో చూసుకోండి. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి ఇప్పుడే పెట్టుకోండి, కౌన్సెలింగ్ రోజుల్లో పరుగులు పెట్టకుండా.

ఆ కూకట్‌పల్లి అమ్మాయి నా దగ్గరికొచ్చినప్పుడు అదే పుస్తకం తెచ్చింది. వాళ్లమ్మ కూడా మీలాగే మేనేజ్‌మెంట్ సీటు మాటెత్తింది. అమ్మాయి పుస్తకం తెరిచి, "సార్, ఆ ఫీజు ఏ పద్దు కొట్టేసి రాయమంటారో మా అమ్మని అడగండి" అంది.