పాత రోలెక్స్ కొనేముందు: వెనక మూత తీయించండి, మాట రాయించండి

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విజయవాడ. హైదరాబాద్‌లో ఒకతను ఇన్‌స్టాగ్రామ్‌లో వాడిన రోలెక్స్ సబ్‌మెరీనర్ అమ్మకానికి పెట్టాడు. నల్ల డయల్, తేదీ ఉన్నది. 2016లో వాళ్ల బావగారు దుబాయ్‌లో కొన్నారట. బాక్సు, వారంటీ కార్డు ఉన్నాయి, బిల్లు లేదు. 2 లక్షల 80 వేలు చెప్పి, ఈరోజే 25 వేలు టోకెన్ యూపీఐలో పంపమంటున్నాడు. అసలుదో నకిలీదో ముందే ఎలా తెలుస్తుంది? కొన్నాక నకిలీ అని తేలితే కేసు నిలుస్తుందా?

జవాబు: ముందుగా ఒక్క మాట. ఆ టోకెన్ ఈరోజు పంపకండి. రేపటికి ఆ వాచీ వేరేవాళ్లకు పోతే పోనివ్వండి.

మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది 116610ఎల్‌ఎన్ మోడల్ అయి ఉండాలి. 2010 నుంచి 2020 వరకు వచ్చిన 40 మిల్లీమీటర్ల వాచీ అది. వాడినదైనా సరే, అసలుదైతే దాని బజారు ధర మీకు చెప్పినదానికి రెండింతల పైమాటే. అంత తేడాకు అమ్ముతున్నాడంటే మూడు కారణాలు ఉండొచ్చు. అది నకిలీది కావచ్చు, దొంగసొత్తు కావచ్చు, సుంకం ఎగ్గొట్టి తెచ్చినది కావచ్చు. అవసరం పడి తక్కువకు అమ్ముకునేవాళ్లు లేరని కాదు. కానీ అలాంటివాళ్లు కూడా ముందు నాలుగు దుకాణాల్లో ధర కనుక్కుంటారు, ఇంత నష్టానికి ఇవ్వరు.

నకిలీదైతే పోయేది మీ డబ్బు. మిగతా రెండింటిలో చిక్కు మీ మెడకే చుట్టుకుంటుంది. దొంగసొత్తు అని నమ్మడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 ప్రకారం నేరం. మరీ తక్కువ ధర, బిల్లు లేకపోవడం, ఈ రెండూ కలిస్తే పోలీసులు ఆ ‘తగిన కారణం’ ఉందనే అంటారు. ఇక కస్టమ్స్ చట్టం 1962లో 123వ సెక్షన్ ఉంది. మామూలుగా నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. కానీ దొంగదారిలో వచ్చిందన్న సహేతుకమైన నమ్మకంతో అధికారులు వాచీని పట్టుకుంటే, అలా రాలేదని చూపించాల్సిన భారం అది ఎవరి దగ్గర దొరికిందో వారిదే. బంగారంతో పాటు వాచీలను పేరు పెట్టి మరీ చెప్పిన సెక్షన్ అది. అందుకే ‘దుబాయ్‌లో కొన్నారు’ అన్నప్పుడు దుబాయ్ దుకాణం బిల్లు, ఇక్కడ సుంకం కట్టి ఉంటే ఆ రసీదు అడగండి. కార్డు బిల్లు కాదు.

ఇక వాచీ సంగతి. అతను పంపిన ఫోటోలతో తేల్చుకోవద్దు, చేతిలోకి తీసుకుని చూడాలి. వెనక వైపు గాజు మూత ఉండి లోపలి మిషన్ కనిపిస్తుంటే అక్కడితో ఆపేయండి. ఈ మోడల్‌కు రోలెక్స్ ఎప్పుడూ గాజు మూత పెట్టలేదు, నున్నటి ఉక్కు మూతే. అది సరిగా ఉంటే అద్దం కింద, డయల్ చుట్టూ ఉన్న లోపలి వలయం మీదికి చూపు పోనివ్వండి. అక్కడ రోలెక్స్ పేరు వరుసగా చెక్కి ఉంటుంది, 6 అంకె దగ్గర సీరియల్ నంబరు ఉంటుంది. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం పట్టుకోండి. అసలు దానిలో అక్షరాల అంచులు కోసినట్టు పదునుగా, లోతు ఒకేలా ఉంటాయి. నకిలీల్లో చాలావాటికి చెక్కడం పైపైన ఉంటుంది, అంచులు ఇసుక రాసినట్టు గరుకుగా కనిపిస్తాయి. ఆ నంబరు కార్డు మీది నంబరుతో కలవాలి. కలవకపోతే వచ్చేయండి. కలిసిందని మాత్రం నమ్మకండి. కార్డులు కూడా నకిలీవి అచ్చేస్తారు, ఒకే నంబరు వందల వాచీల మీద చెక్కుతారు. ఆ నంబరును ఇంటర్నెట్‌లో వెతకండి. వేరే ఊళ్లో వేరే అమ్మకందారు ఫోటోలో అదే నంబరు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

సెకన్ల ముల్లు నున్నగా తిరుగుతోంది కాబట్టి అసలుదే అంటుంటారు. సెకనుకోసారి ఆగి ఆగి కదిలితే అది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్, అంటే నకిలీ. అంతవరకు నిజం. కానీ నున్నగా తిరిగినంత మాత్రాన అసలుది కాదు. ఈ మోడల్‌లోని 3135 మిషన్ గంటకు 28,800 కొట్టుళ్లు కొడుతుంది, అంటే సెకనుకు 8. అదే వేగంతో కొట్టే చవక మిషన్లు బజార్లో దొరుకుతాయి. తేడా తెలియాలంటే మూత తీయించాల్సిందే.

మూత తీయగానే మెకానిక్ చూడాల్సింది అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం. 3135లో ఆ చక్రం మీదుగా వెళ్లే పట్టీ రెండు వైపులా మరలతో బిగించి ఉంటుంది. చక్రాన్ని ఊపే సన్నటి చుట్ట, అంటే హెయిర్ స్ప్రింగ్, నీలిరంగులో ఉంటుంది. వేగం సరిచేయడానికి చక్రం అంచులో చిన్న నట్లు ఉంటాయి, జరిపే పుల్ల ఉండదు. చవక నకిలీలో పట్టీ ఒక వైపే ఆనుకుని ఉంటుంది, పక్కనే ప్లస్సుకూ మైనస్సుకూ జరిపే పుల్ల కనిపిస్తుంది. ఆ పుల్ల కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు. ఖరీదైన నకిలీలు, బజార్లో ‘సూపర్ క్లోన్’ అనేవి, రెండు వైపుల పట్టీని, నీలి స్ప్రింగును కూడా అనుకరిస్తున్నాయి. వాటిని గుర్తుపట్టాలంటే భాగాల నగిషీ తెలిసిన చేయి, రోలెక్స్ మీద పనిచేసిన మెకానిక్ కావాలి. సందు చివర బ్యాటరీలు మార్చే దుకాణం చాలదు.

ఇక్కడే అమ్మేవాడి స్వభావం బయటపడుతుంది. ‘మూత తీస్తే నీళ్లు దిగుతాయండీ’ అంటాడు. అందులో కొంత నిజం ఉంది, తీశాక రబ్బరు వాషరు చూసి, ఒత్తిడి పరీక్ష చేయించాలి. కాబట్టి ‘ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను, మీరూ రండి, మీ కళ్ల ముందే తీయిద్దాం’ అనండి. అసలు వాచీ ఉన్నవాడికి ఇందులో నష్టమేమీ లేదు. అయినా ఒప్పుకోకపోతే, లేదా తన మెకానిక్ దగ్గరికే రావాలని పట్టుబడితే, మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

ఇప్పుడు కేసు నిలుస్తుందా అన్న విషయం. నా దగ్గరికి ఇలాంటి గొడవతో వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది వాచీ, డబ్బు పంపిన రుజువు, అంతే. ఇది అసలుది అని అమ్మినవాడు అన్నట్టు ఒక్క అక్షరం ఉండదు. ఒకాయన చాట్ చూపించారు. అందులో అమ్మినవాడు ‘ఒరిజినల్’ అనలేదు, ‘ఒరిజినల్ క్వాలిటీ’ అన్నాడు. కొన్నాయన ఆ రెండో మాటను చదవనే లేదు. అవతలి లాయరు పట్టుకున్నది ఆ మాటనే.

ఆ ఒక్క మాట ఎందుకంత ముఖ్యమో చెబుతాను. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ప్రకారం మోసంతో జరిగిన ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. కానీ దానికో మినహాయింపు ఉంది. అమ్మేవాడు నోరు మూసుకుని మిమ్మల్ని నమ్మించి ఉంటే, మీరు మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకోగలిగేవారే అయితే, రద్దు చేసుకునే హక్కు పోతుంది. తెలిసి నోటితో అబద్ధం ఆడినవాడికి ఈ మినహాయింపు రక్షణ ఇవ్వదు. సరుకుల విక్రయ చట్టం 1930 కూడా ఇటే చూస్తుంది. వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు తగ్గట్టు ఉండాలని 15వ సెక్షన్ అంటుంది. మరి వర్ణన ఎక్కడుంది? రాయించుకుంటేనే ఉంటుంది.

కాబట్టి డబ్బు ఇచ్చేముందు వాట్సాప్‌లో ఇలా పంపండి: ‘మీరు నాకు అమ్ముతున్నది రోలెక్స్ కంపెనీ తయారుచేసిన అసలు సబ్‌మెరీనర్, మోడల్ 116610ఎల్‌ఎన్, సీరియల్ నంబరు ఫలానా, లోపలి మిషన్ కూడా కంపెనీదే, వాచీ మీ సొంతం అని చెప్పారు. ఇది నిజమేనా? కాదని తేలితే పూర్తి డబ్బు వాపసు ఇస్తారా?’ అవునని రాతలో జవాబు రావాలి. ‘ఫోన్ చేస్తాను’ అంటే, మాట్లాడాక ఆ మాటలనే మళ్లీ టైపు చేసి పంపి అవుననిపించుకోండి. మెసేజీలు వాటంతట అవే మాయమయ్యే ఏర్పాటు పెట్టి ఉంటే తీయించండి. ఫోన్ అమ్మేయొద్దు, చాట్ చెరిపేయొద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ రుజువు పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలిక.

అతను పాత మెసేజీల్లో ఎక్కడైనా ‘ఫస్ట్ కాపీ’ అన్నాడేమో కూడా చూడండి. అది నకిలీకి బజారు పెట్టిన ముద్దుపేరు. ఆ మాట విని కూడా కొంటే మోసపోయానని చెప్పుకోలేరు, ఆ డబ్బు ఇప్పించడానికి కోర్టు ముందుకు రాదు. సొంతానికి పెట్టుకున్నందుకు ట్రేడ్ మార్క్స్ చట్టం మిమ్మల్ని శిక్షించదు. కానీ నకిలీ అని తెలిశాక నష్టం పూడ్చుకుందామని ఇంకొకరికి అమ్మితే 104వ సెక్షన్ మీ మీదికే వస్తుంది. 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఎక్కడ కేసు వేయాలన్నది అతనెవరన్న దాన్ని బట్టి ఉంటుంది. వరుసగా వాచీలు అమ్ముతుంటే అతను వ్యాపారి, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉన్న చోటే, అంటే విజయవాడలోనే, వేసుకోవచ్చు. గడువు 2 ఏళ్లు, మీరు ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. సొంత వాచీ ఒక్కటే అమ్ముకుంటున్న మనిషైతే ఆ దారి కష్టం, సివిల్ కోర్టుకు వెళ్లాలి. అందుకే అతని ఖాతాలో ఉన్న మిగతా వాచీల ప్రకటనలన్నింటినీ ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, గొడవ మొదలైన రోజున అవి అక్కడ ఉండవు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని చాట్ చూపిస్తే న్యాయ సంహిత 318 కింద పోలీసులకు ఫిర్యాదు కూడా ఇవ్వొచ్చు.

డబ్బు బ్యాంకు ద్వారానే, అతని ఆధార్‌లో ఉన్న పేరు మీది ఖాతాకే పంపండి. ‘మా ఫ్రెండ్ నంబరుకు కొట్టండి’ అంటే ఆగిపోండి. నగదు అడిగినా వద్దు. ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమే నిషేధించింది.

ఇది చదివేసరికే 25 వేలు పంపేసి, అతను ఫోన్ ఎత్తడం మానేసి ఉంటే, నాకు మళ్లీ రాయడానికి ఆగకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి యూపీఐ లావాదేవీ నంబరు చెప్పండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. అవతలి ఖాతాలో సొమ్ము ఇంకా ఉంటే బ్యాంకు దాన్ని అక్కడే నిలిపేయగలదు, అతను తీసేసుకున్నాక నిలపడానికి అక్కడ ఏమీ మిగలదు.