పదికి ఎనిమిది కాల్స్ కరెక్ట్, అయినా ఖాతా ఎందుకు ఖాళీ?

"నెలకు 3,000 కట్టి టెలిగ్రామ్‌లో ఆప్షన్ కాల్స్ గ్రూపులో చేరాను. పదిలో ఎనిమిది కాల్స్ లాభమే, అయినా డబ్బు పోతోంది. ఎందుకు?"

నష్టం వచ్చిన ఆ రెండు కాల్సే మింగేస్తున్నాయి. మీ కాంట్రాక్ట్ నోట్లు తీసి ఇలా లెక్క వేయండి:

1. ఎనిమిది లాభాలు, ఒక్కోటి 500 అనుకుంటే 4,000.
2. రెండు నష్టాలు, ఒక్కోటి 2,500 అయితే 5,000. ఇక్కడే వెయ్యి పోయింది.
3. ఆర్డరుకు 20 బ్రోకరేజీ అయితే, కొనడం, అమ్మడం రెండూ కలిపి పది ట్రేడ్లకు 400, గ్రూపు ఫీజు 3,000. మొత్తం 4,400 లాస్, పన్నులు కాక.

చాలామంది వదిలేసేది కాల్ వచ్చిన నిమిషం. "120 దగ్గర కొనండి" అన్న మెసేజ్ టైమ్ చూసి, అదే స్ట్రైక్ ఒక నిమిషం చార్టు తెరవండి. అప్పటికే 128 ఉంటే, వాళ్ల స్క్రీన్‌షాట్‌లోని లాభం మీకు దొరికేది కాదు. నష్టపోయిన కాల్స్‌ను ఛానెల్‌లో డిలీట్ చేస్తే ఆనవాలు కూడా మిగలదు, కాబట్టి రాగానే ప్రతి కాల్ మీరే రాసిపెట్టుకోండి.

రీసెర్చ్ అనలిస్టులకు సెబీ ఇచ్చే, INH తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు చూపిస్తే సెబీ సైట్‌లో పేరుతో సరిపోల్చండి. నంబరు నిజమైనదే అయినా లాభం గ్యారంటీ అని ఎవరూ చెప్పకూడదు.

"ఇద్దరిని చేర్పిస్తే ఫీజు వాపస్" అంటున్నారంటే వాళ్లకు డబ్బు వచ్చేది కొత్త సభ్యుల ఫీజుల్లోంచే. వచ్చే నెల రెన్యూ చేయకండి, మీవాళ్లను చేర్చకండి.