స్నూపింగ్ తీసేయకండి, అడిగేవాడిని పెట్టండి

ప్రశ్న: మా ఆఫీసులో మల్టీకాస్ట్ వీడియో మొదట బాగానే వస్తుంది, నాలుగు నిమిషాలకు ఆగిపోతుంది. స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ తీసేస్తే సరిపోతుందా?

తీసేయవద్దు. మీ నెట్‌వర్క్‌లో క్వెరియర్, అంటే ఇంకా వినేవారున్నారా అని పదేపదే అడిగే పరికరం, లేదు, దాన్ని పెట్టాలి. నేను చూసిన ఇలాంటి ఫిర్యాదులన్నింటికీ కారణం ఇదొక్కటే.

గచ్చిబౌలిలోని ఒక హోటల్‌లో గదుల టీవీలకు 40 ఛానెళ్లు మల్టీకాస్ట్‌లో వెళ్లేవి. ఒక్కో ఛానెల్‌కు 239.10.1.1 నుంచి వరుసగా ఒక్కో గ్రూపు చిరునామా ఇచ్చారు. ఒక క్రికెట్ మ్యాచ్ సాయంత్రం గదుల నుంచి రిసెప్షన్‌కు ఒకదాని వెంట ఒకటిగా ఫోన్లు రావడంతో నన్ను పిలిచారు. నేను ఒక గదిలో టీవీ పెట్టి, ఫోన్‌లో టైమర్ నొక్కి, మంచం అంచున కూర్చున్నాను. 4 నిమిషాల 20 సెకన్లు దాటిన కొద్ది క్షణాలకు బౌలర్ చేయి గాలిలో ఉండగానే బొమ్మ నిలిచిపోయింది. పక్కనే నిలబడిన రూమ్ బాయ్, "ఛానెల్ మార్చి మళ్ళీ వెనక్కి వస్తే ఆడుతుంది సార్" అన్నాడు. రోగం ఆ ఒక్క మాటలోనే బయటపడింది.

టీవీ పెట్టె ఒక ఛానెల్‌కు మారగానే "నేను ఈ గ్రూపులో చేరుతున్నాను" అని ఒక రిపోర్టు పంపుతుంది. స్విచ్ ఆ రిపోర్టును గమనించి, ఆ గ్రూపు ప్యాకెట్లను ఆ పోర్టుకు వదలడం మొదలుపెడుతుంది, స్నూపింగ్ అంటే ఇదే. అయితే ఆ నమోదుకు గడువు ఉంటుంది. ఇంకా వినేవారున్నారా అని రూటర్ మామూలుగా 125 సెకన్లకొకసారి 224.0.0.1కు క్వెరీ పంపుతుంది, పెట్టెలు 10 సెకన్లలోగా జవాబిస్తాయి. రెండు విడతల వ్యవధి, జవాబుకిచ్చే 10 సెకన్లు కలిపితే 260 సెకన్లు, అంటే సరిగ్గా 4 నిమిషాల 20 సెకన్లు. అంతసేపూ ఆ గ్రూపు గురించి ఏ రిపోర్టూ రాకపోతే వినేవారెవరూ లేరని నమోదు చెరిగిపోతుంది. ఐజీఎంపీ అంటే చేరడమేనని చాలామంది ఇంజనీర్లు చదివి వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అసలు పని నడిచేది ఆ పదేపదే అడగడంలోనే. పెట్టె తనంతట తాను గడువు పొడిగించుకోదు, అడిగితేనే చెబుతుంది.

ఆ గది పోర్టును మిర్రర్ చేసి ల్యాప్‌టాప్‌లో ఆరు నిమిషాలు చూశాను.

```
tcpdump -ni eth0 igmp
```

ఛానెల్ పెట్టినప్పటి రిపోర్టులు తప్ప మరేమీ కనబడలేదు, ఒక్క క్వెరీ కూడా రాలేదు. ఆరా తీస్తే, మూడు రోజుల క్రితం పాత రూటర్‌ను తీసి కొత్త ఫైర్‌వాల్ పెట్టారని తెలిసింది. వీడియో సర్వరూ టీవీలూ ఒకే వీల్యాన్‌లో ఉండటంతో ప్యాకెట్లు దాటించడానికి రూటర్ అవసరమే లేదు, కానీ ఇన్నాళ్లూ క్వెరీలు పంపింది ఆ పాత రూటరే. దాన్ని తీసినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అక్కడి టెక్నీషియన్ కూడా మీలాగే స్నూపింగ్ ఆపేద్దామన్నారు. ఆపితే బొమ్మ ఆగకుండా వస్తుందనుకోవడం పొరపాటు. ఒక్కో ఛానెల్ 4 ఎంబీపీఎస్ చొప్పున 40 ఛానెళ్లూ కలిపి 160 ఎంబీపీఎస్ అవుతాయి, అదంతా ప్రతి పోర్టుకూ వెళ్తుంది, టీవీ పెట్టెల పోర్టులేమో 100 ఎంబీపీఎస్‌వి. అప్పుడు ఏ గదిలోనూ ఏ ఛానెలూ సరిగా రాదు. కొన్ని స్విచ్‌లు నమోదు లేని గ్రూపును ఆపేయకుండా అన్ని పోర్టులకూ వదిలేస్తాయి. అలాంటి చోట ఇదే లోపం బొమ్మ ఆగడంగా కాక, నెట్‌వర్క్ అంతా నెమ్మదించడంగా కనబడుతుంది.

మేము చేసిందల్లా ప్రధాన స్విచ్‌లో ఆ వీల్యాన్‌కు ఒక ఐపీ చిరునామా ఇచ్చి, క్వెరియర్‌ను ఆన్ చేయడమే. సిస్కో స్విచ్‌లలో అయితే కమాండ్ ఇది:

```
ip igmp snooping querier
```

చిరునామా ఇవ్వకుండా పెడితే కొన్ని స్విచ్‌లు 0.0.0.0 పేరుతో క్వెరీ పంపుతాయి, దాన్ని పట్టించుకోని పరికరాలున్నాయి. ఒకే వీల్యాన్‌లో ఇద్దరు క్వెరియర్లుంటే చిన్న ఐపీ ఉన్నదే గెలుస్తుంది కాబట్టి, ఎప్పుడూ ఆపని పరికరానికే చిన్న చిరునామా ఇవ్వండి.

ఆ తరువాత అదే గదిలో అదే కమాండ్‌తో చూస్తే, 125 సెకన్లకొకసారి ఇలా కనిపించసాగింది:

```
IP 10.20.0.2 > 224.0.0.1: igmp query v2
IP 10.20.3.41 > 239.10.1.7: igmp v2 report 239.10.1.7
```

మీరూ ఈ రెండు వరుసలు వస్తున్నాయేమో చూసి, ఛానెల్ మార్చకుండా పది నిమిషాలు వదిలేయండి. 4 నిమిషాల 20 సెకన్లు దాటాక కూడా బొమ్మ ఆడుతుంటే మీ పని అయినట్టే.