మూడున్నర లక్షల విరాళానికి మినహాయింపు ఎంత?

*సార్, జడ్చర్ల దగ్గర జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. మా నాయన యాదిలో మహబూబ్‌నగర్‌లో పేద పిల్లల హాస్టల్ నడిపే ఒక ట్రస్టుకు 2025 డిసెంబరులో మూడున్నర లక్షలు ఇచ్చిన. ఆ డబ్బు కోసం మ్యూచువల్ ఫండ్లు అమ్మితే రెండు లక్షల దీర్ఘకాలిక లాభం వచ్చింది. ముఖ్యమంత్రి సహాయ నిధికి 25 వేలు, ఊర్ల గుడి అన్నదానానికి పది వేలు నగదు కూడా ఇచ్చిన. ట్రస్టుకు 80జి ఉంది. సగం అంటే 1,75,000 తగ్గుతుందని పాత పన్ను విధానంలోనే ఉందామనుకుంటున్న. జీతం 15.5 లక్షలు, ఇంటి లోన్ వడ్డీ రెండు లక్షలు, 80సి కింద లక్షన్నర, హెల్త్ పాలసీ ప్రీమియం 25 వేలు. సరైనదేనా?*

మీ నాయన పేరు మీద పిల్లల చదువుకు అంత మొత్తం ఇవ్వడం మంచి పని. కానీ మినహాయింపు 1,75,000 రాదు. ఆ అంకె మీద ఆధారపడి పాత విధానం ఎంచుకుంటే నష్టపోతారు.

80జి కింద విరాళాలు రెండు రకాలు. ముఖ్యమంత్రి సహాయ నిధి లాంటి వాటికి పరిమితి లేదు. మీరిచ్చిన 25 వేలూ నూటికి నూరు శాతం తగ్గుతాయి. మామూలు ట్రస్టులకు ఇచ్చింది సగమే తగ్గుతుంది, ఆ సగానికి ముందు ఒక పరిమితి కూడా ఉంటుంది. నూరు శాతం రేటు ఉండి కూడా ఈ పరిమితి కిందకు వచ్చేవి కొన్ని ఉన్నాయి. కుటుంబ నియంత్రణ కోసం ప్రభుత్వానికి ఇచ్చే విరాళం అలాంటిది. మీకు దాంతో పని లేదు.

ఆ పరిమితి, సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో పది శాతం. చాలామంది తడబడేది ఈ సర్దుబాటు దగ్గరే. మీ జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు పోతే 15 లక్షలు. ఇంటి లోన్ వడ్డీ తీసేస్తే 13 లక్షలు. ఫండ్ల లాభం కలిపితే మళ్లీ 15 లక్షలు. దీనిలో పదో వంతు లక్షన్నర అనుకోకండి. ప్రత్యేక రేటుతో పన్ను పడే ఆ రెండు లక్షల లాభాన్ని ఇక్కడ తీసేయాలి. విరాళం ఇవ్వడానికే ఫండ్లు అమ్మినా ఆ లాభం పరిమితిని పెంచదు. తర్వాత 80సి, హెల్త్ పాలసీ కలిపి 1,75,000 తీసేయాలి. మిగిలేది 11,25,000. అందులో పది శాతం 1,12,500.

ఇక వరుస ముఖ్యం. ముందు విరాళాన్ని పరిమితికి కుదించాలి, తర్వాత సగం చేయాలి. మూడున్నర లక్షల్లో సగం 1,75,000 అని, దాన్ని 1,12,500కు తగ్గించి రాసుకునేవాళ్లున్నారు. అది తప్పు. 1,12,500లో సగం, అంటే 56,250 మాత్రమే మీకు వస్తుంది. మిగిలిన 2,37,500కు ఈ ఏడాది ఏమీ రాదు, వచ్చే ఏడాదికి బదిలీ కూడా కాదు.

సహాయ నిధితో కలిపి మీ మినహాయింపు 81,250. పాత విధానంలో జీతం మీద పన్ను, సెస్సుతో 1,30,650 అవుతుంది. కొత్త విధానంలో ఇంటి లోన్, 80సి, 80జి ఏవీ ఉండవు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు మాత్రం ఉంటుంది. అయినా పన్ను 1,05,300. ఫండ్ల లాభం మీద పన్ను రెండింటిలోనూ ఒకటే. (వృత్తి పన్ను లాంటి చిన్న మొత్తాలు పక్కన పెట్టాను.) మీరు అనుకున్నట్టు 1,75,000 తగ్గి ఉంటే పాత విధానంలో 1,01,400 అయ్యేది, కాస్త లాభమే. పరిమితి వల్ల లెక్క తలకిందులై, అదే పాత విధానం మీకు 25 వేలకు పైగా ఖరీదవుతోంది. కాబట్టి నా సలహా, కొత్త విధానంలోనే రిటర్ను వేయండి.

మీకు అద్దె అలవెన్సు మినహాయింపు లాంటిది ఇంకేదైనా పెద్దది ఉంటే లెక్క మారవచ్చు. అప్పుడు పాత విధానాన్ని గడువులోగా వేసే రిటర్నులోనే ఎంచుకోవాలి. గడువు దాటితే అది దొరకదు. పాత విధానంలో వేస్తే ట్రస్టు నుంచి 10BE సర్టిఫికెట్ తప్పక తీసుకోండి. రసీదు ఒక్కటే చాలదు. ట్రస్టు పాన్, సర్టిఫికెట్ మీద ఉన్న నంబరు రిటర్నులో 80జి షెడ్యూలులో నింపాలి. అక్కడ అర్హమైన మొత్తం అనే గడిలో పోర్టల్ వేసే అంకె 56,250 దగ్గర ఉందో లేదో చూసుకోండి. ఎక్కువ కనిపిస్తే విరాళాన్ని పరిమితి లేని గడిలోనో, నూరు శాతం గడిలోనో వేసి ఉండొచ్చు.

అన్నదానానికి ఇచ్చిన పది వేలు లెక్కలోకి రావు. నగదుగా ఇచ్చేది రెండు వేలు దాటితే ఆ గుడికి 80జి ఉన్నా మినహాయింపు ఉండదు. బియ్యం, బట్టలుగా ఇచ్చినా అంతే.

ఇంకా ఇవ్వాలని ఉంటే ఎప్పుడైనా ఇవ్వండి, కానీ పన్ను కోసం పాత విధానంలో ఉండే ఏడాది వస్తే మాత్రం పెద్ద మొత్తాన్ని మార్చిలో సగం, ఏప్రిల్‌లో సగం ఇవ్వండి. పది శాతం పరిమితి ప్రతి ఆర్థిక సంవత్సరానికీ విడిగా దొరుకుతుంది. రెండు ఏళ్లూ పాత విధానంలోనే ఉంటేనే దీని వల్ల లాభం.