తెల్ల మధుపర్కాలకు ఉత్తరాది వియ్యాలవారు అడ్డుచెబితే

ప్రశ్న: మా చెల్లి పెళ్లి శ్రీకాకుళంలో. పెళ్లికొడుకు వాళ్లు యూపీ వాళ్లు. మధుపర్కాల ఫొటో పంపితే, "పెళ్లికూతురికి తెల్లచీరేంటి, అశుభం, పెళ్లంతా ఎర్రచీరలోనే జరగాలి" అంటున్నారు. మా నాన్నమ్మేమో మధుపర్కాలు లేకుండా పెళ్లేంటంటోంది. ఎలా సర్దిచెప్పాలి? వాటికి పసుపు ఇంట్లోనే పెట్టుకోవచ్చా?

జవాబు:

బాబూ, మాది విజయనగరం. మూడేళ్ల కిందట మా అమ్మాయి పెళ్లిలో ఇదే టెన్షన్ పడ్డాం. అల్లుడి వాళ్లది గోరఖ్‌పూర్ వైపు. వాళ్ల నాన్నమ్మ ఫోన్‌లో ఒకటే మాట, "తెల్లబట్ట కట్టేది మొగుడు పోయినవాళ్లు" అని.

ఆవిడ అన్నది తప్పని నేను అనను. మన దగ్గరా ఒకప్పుడు భర్త పోయినావిడకు తెల్లచీరే కట్టించేవారు కదా. కానీ ఆ చీరకూ మధుపర్కానికీ తేడా ఉంది. ఆ చీరకు రంగు అంచు ఉండదు, పసుపు తగలదు. మధుపర్కానికి ఎర్రంచు ఉంటుంది, పసుపు తగలకుండా ఎవరూ కట్టరు. అంటే పెళ్లికూతురు కట్టేది వట్టి తెలుపు కాదు, పసుపు పడ్డ తెలుపు. మీరు ఫొటో పంపినప్పుడు బహుశా కొట్లో మడత పెట్టిన తెల్లచీర ఫొటో పంపి ఉంటారు. మేమూ ఆ పొరపాటే చేశాం.

తెలుపే ఎందుకని మా పురోహితుణ్ణి అడిగాను. శుభకార్యానికి కట్టే బట్టను శాస్త్రంలో అహతం అంటారట. కొత్తది, తెల్లది, అంచుకొసలు ఉన్నది, ఎవరూ కట్టనిది, కొద్దిగా ఉతికినది అని దాని లక్షణాలు. ఇంకొకరి ఒంటిమీద పడని బట్ట అన్నమాట. అసలు మధుపర్కం అంటే పెళ్లికొడుక్కి అతిథిమర్యాదగా ఇచ్చే తేనె, పెరుగు, నెయ్యి కలిపిన పదార్థం. ఆ వేళ పెట్టే బట్టలకూ అదే పేరు నిలిచింది. ఆడపిల్ల తండ్రి పెట్టే బట్టలు కాబట్టి వాటిని మానేయమంటే మీ నాన్నమ్మకు కష్టంగా ఉండడం సహజం. గుజరాతీల్లోనూ ఇలాంటిదే ఉంది. పెళ్లికూతురు మేనమామ పెట్టిన పానేతర్ అనే తెల్లచీర కడుతుంది, దానికీ ఎర్రంచే. తర్వాత అత్తవారు పెట్టే ఎర్రటి ఘర్చోలా వస్తుంది.

ఇవన్నీ చెప్పినా అల్లుడి నాన్నమ్మ కరగలేదు. పని జరిగింది పసుపు వల్ల. మామూలుగా మా ఇళ్లల్లో చీర నాలుగు కొసలకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఊరుకుంటాం. ఈసారి చీర, పంచె, కండువా మొత్తం పసుపునీళ్లలో ముంచుదామని మా అప్ప అంది. ముంచి, ఆరేసి, ఆ ఫొటో పంపాం. అవతల నుంచి పెద్దావిడ, "అరె, ఇది పియరీ కదా" అంది. వాళ్ల భోజ్‌పురి ప్రాంతంలో పెళ్లికి పసుపు రంగు వేసిన చీరను, పంచెను పియరీ అంటారట. మనది మధుపర్కం, వాళ్లది పియరీ. ఆ తర్వాత ఇంకెవరూ ఏమీ అనలేదు. మీ వియ్యాలవారిది తూర్పు యూపీ అయితే ఈ ఒక్క మాటతో పని అయిపోవచ్చు, ముందు అదే అడగండి.

ఇక పసుపు పెట్టడం. ఇక్కడే మేం దెబ్బతిన్నాం. మొదట ఒక కొట్లో సెట్టుగా అమ్మే మధుపర్కాలు తెచ్చాం, స్వచ్ఛమైన నూలేనని చెప్పారు. పసుపులో ముంచితే చీర అక్కడక్కడా పట్టి, అక్కడక్కడా పాలిపోయింది. అంచు దగ్గర దారం ఒకటి లాగి కాల్చి చూశాను. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది కరిగి గట్టి పూసలా ముడుచుకుంది, అంటే పాలిస్టర్ కలిసింది. పసుపు నూలుకు మందు ఏదీ కలపకుండానే పడుతుంది, పాలిస్టర్‌కు సరిగా పట్టదు. మీరు కొనే ముందే దారం కాల్చి చూడండి, కొట్టువాడు ఏమనుకున్నా సరే.

రెండోసారి పొందూరు వెళ్లి ఖద్దరు తెచ్చాం. మీకైతే దగ్గరే. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికే సన్ననూలు అది. ఖరీదు ఎక్కువే, కానీ పసుపు సమంగా పట్టింది.

కొత్తబట్టకు గంజి ఉంటుంది, అది పోకపోతే పసుపు మచ్చలుగా పడుతుంది. ముందురోజు వట్టినీళ్లలో నానబెట్టి జాడించాలి. అహతమంటే కొద్దిగా ఉతికినదేనని పురోహితుడు అన్నారు కాబట్టి దానివల్ల దోషం లేదు. నేను అతితెలివికి పోయి సబ్బుపొడి వేశాను. తర్వాత అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు గుప్పెళ్ల పసుపు కలిపి, పలచని గుడ్డలో వడకట్టి (వడకట్టకపోతే పొడి చుక్కలు చుక్కలుగా అంటుకుంటుంది) చీర ముంచాను. పైకి తీస్తే అంచు పొడుగునా ఇటుకరంగు మరకలు! పెళ్లి రేపు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా అమ్మ మాత్రం నవ్వింది. "పసుపులో సున్నం కలిపితే పారాణి అవదేటే? నీ సబ్బు అదే చేసింది" అంది. నిజమే. సున్నమైనా సబ్బైనా క్షారమే, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. అంచు మందంగా ఉండడంతో సబ్బు అందులో మిగిలిపోయింది. పులుపు తగిలితే మళ్లీ వెనక్కి వస్తుంది. బకెట్ నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండి అంచును అందులో ఆడిస్తే, చూస్తుండగానే పసుపు తిరిగొచ్చింది. ఆరేసేది నీడలోనే, ఎండకు పసుపు వెలిసిపోతుంది. చెమటకు రంగు దిగుతుంది కాబట్టి జాకెట్టు కూడా నూలుదే కుట్టించండి. మా అమ్మాయి పట్టుజాకెట్టు చంకల దగ్గర పాడైంది.

ఎరుపు మాటకొస్తే, వాళ్లకూ చోటివ్వండి. మా ఇంట జీలకర్ర బెల్లం పట్టుచీర మీదే అయింది, అది ఎర్రదే కట్టించాం. సూత్రధారణకు మధుపర్కాలు కట్టారు. కొందరిళ్లల్లో మొదటినుంచీ అవే కడతారు, మీ పురోహితుణ్ణి అడగండి. తలంబ్రాలు అయ్యాక వాళ్లు తెచ్చిన ఎర్ర చునరీ తలమీద కప్పి, అల్లుడిచేత పాపిట్లో సింధూరం పెట్టించారు. మట్టెలు వాళ్లకూ ఉన్నాయి, దాంతో పేచీ రాలేదు. పసుపుతాడు చూసి మాత్రం "బంగారు గొలుసు లేదా?" అని ఎవరో గుసగుసలాడారు. సూత్రాలు బంగారమే, కట్టేది పసుపుతాడుతోనే అని మా బావగారు వాళ్లకు వచ్చీరాని హిందీలో చెప్పి ఒప్పించారు.

పంచె, కండువా వియ్యపురాలు గోరఖ్‌పూర్ పట్టుకుపోయారు. సబ్బుతో ఉతకొద్దని చెప్పడం మరిచిపోయాను.