ముప్పై ఐదు దాటాక మొదటిసారి డేటింగ్: ‘విడాకులు అయిపోయినట్టే’ అనేవాళ్లతో ఎలా?

ప్రశ్న: నాకు 36. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఇప్పటిదాకా ఎవరితోనూ డేటింగ్ చేయలేదు. ఫ్రెండ్స్ అందరికీ పెళ్లిళ్లయి పిల్లలు కూడా ఉన్నారు. ఈమధ్యే యాప్‌లో చేరాను. తగిలేవాళ్లలో చాలామందికి ఒక పెళ్లి అయి ఉంది, నాకేమో ఏ అనుభవమూ లేదు. ఇంట్లో ‘ఏమైనా తేలిందా’ అని రోజూ అడుగుతున్నారు. ఎలా నెగ్గుకురావాలి?

జవాబు:

నేను 37లో మొదలుపెట్టాను. బ్యాంకులో పని చేస్తాను, మల్కాజిగిరిలో అమ్మతో ఉంటాను. ప్రొఫైల్ ఎలా రాయాలి, ఫొటో ఏది పెట్టాలి అని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మన వయసులో నిజంగా తేల్చుకోవాల్సింది ఎదుటి మనిషి పెళ్లి సంగతి ఎక్కడిదాకా వచ్చిందన్నది. దాన్నెలా అడగాలో ఎవరూ చెప్పరు, అందుకని అదే రాస్తున్నా.

మ్యాట్రిమొనీ సైట్లలో అయితే దీనికో గడి ఉంటుంది: Never Married, Divorced, Awaiting Divorce. అబద్ధం రాసేవాళ్లు రాస్తారనుకోండి, కనీసం అడగడం మామూలే అన్నట్టు ఉంటుంది. డేటింగ్ యాప్‌లో అలా కాదు. Hinge లాంటివాటిలో Life partner అనో Figuring out my dating goals అనో కనిపిస్తుంది. అది మనిషికి ఏం కావాలో చెప్తుంది, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో చెప్పదు. కాబట్టి నోరు తెరిచి మనమే అడగాలి. చాటింగ్‌లోనే, కలవకముందే అడిగేయండి. ‘మీకు ఇంతకుముందు పెళ్లయిందా? అయితే ఇప్పుడు ఏ పరిస్థితిలో ఉంది?’ ఇంతే. దీనికి నొచ్చుకునేవాడైతే, అతనితో తాగాల్సిన కాఫీ మిగిలిపోయినట్టే.

నాకు ఎక్కువగా వచ్చిన జవాబు ‘విడాకులు అయిపోయినట్టేనండీ’. ఈ ‘అయిపోయినట్టే’లో రకరకాలున్నాయి. హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుని విడిపోతుంటే, ముందు కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగి రెండోసారి కోర్టు ముందుకు వెళ్లాలి. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని, తగిన సందర్భాల్లో కోర్టు మినహాయింపు ఇవ్వచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఒకరు వద్దంటూ పోరాడుతున్న కేసైతే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. అలాంటి కేసులో డిక్రీ వచ్చాక కూడా అప్పీలుకు 90 రోజుల గడువుంటుంది. అది దాటేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా మళ్లీ పెళ్లి కుదరదు. మరో చట్టం కింద పెళ్లయినవాళ్లకు లెక్కలు వేరు.

ఇదంతా ఎందుకంటే, అడగాల్సిన రెండో ప్రశ్న దీన్నుంచే వస్తుంది: ‘ఇద్దరూ ఒప్పుకున్నదా, కొట్లాడుతున్నదా? కోర్టులో ఎక్కడుంది?’ నిజంగా కేసున్నవాడికి వాయిదా తేదీలు నోటికి వచ్చి ఉంటాయి. లేనివాడు ‘అదో పెద్ద కథలెండి’ అంటాడు. ఒకాయన అలాగే అన్నాడు. ఆయన ఫోన్ ఆఫీసు వేళల్లోనే వచ్చేది, ఆదివారం మెసేజ్‌కు సోమవారం పొద్దున జవాబు. ఇంట్లోంచి ఒక్కసారి వీడియో కాల్ చేయమంటే రెండు వారాలు సాకులు చెప్పాడు. మూడో వారం నేనే ఆపేశాను.

ఇంకొకాయన సంగతి కాస్త వివరంగా చెప్తాను. నిజాంపేటలో ఉంటాడు, 41. మొదట బంజారాహిల్స్‌లో లామకాన్‌లో కలిశాం. అక్కడ చాయ్, సమోసా తీసుకుని ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. చుట్టూ జనం ఉంటారు, బిల్లు ఎవరు కట్టాలన్న తర్జనభర్జన ఉండదు. ఎదుటివాళ్లు చెప్పిన పబ్‌కి మాత్రం మొదటిసారే వెళ్లొద్దు. 2024లో హైటెక్ సిటీ దగ్గర యాప్‌లో పరిచయం చేసుకుని పబ్‌కి పిలిచి, వేలల్లో బిల్లు వేయించిన ముఠాను పోలీసులు పట్టుకున్నారు.

ఆయన తనంతట తానే చెప్పాడు, ఇద్దరూ ఒప్పుకుని పిటిషన్ వేశారని, రెండో వాయిదా ఇంకా నాలుగు నెలలుందని. ఏడేళ్ల పాప ఉంది, శని ఆదివారాలు తన దగ్గరే ఉంటుందన్నాడు. తర్వాత నన్నడిగాడు.

‘మీకు ఇంతకుముందు ఎవరూ లేరా?’

‘లేరండీ. నాన్నకి డయాలసిస్, తమ్ముడి చదువు. తర్వాత చూసుకుందాం అనుకుంటూనే ఇంతదూరం వచ్చా.’

‘ఓహో’ అని సమోసా తుంచాడు. అంతే, ఇంకేమీ అడగలేదు. అనుభవం లేదన్న ముక్క అంతకంటే పొడుగు చేయనక్కర్లేదు. సంజాయిషీ ఇస్తున్నట్టు మాట్లాడితేనే అవతలివాళ్లు ఆరా తీయడం మొదలుపెడతారు.

మనకు అనుభవం లేదన్నది నిజంగా బయటపడేది ఇంకోచోట. రెండుసార్లు కలిసి, రోజూ రాత్రి గంటసేపు మాట్లాడుకుంటే మనం ఇక ఇద్దరమే అనుకుంటాం. పెళ్లి సంబంధాల్లోనైతే ఒకరితో మాటలు నడుస్తుంటే మిగతావి ఆపుతారు కదా, ఆ అలవాటు. యాప్‌లో ఎవరూ నోరు విప్పి చెప్పేదాకా ఇద్దరూ ఇంకొందరితో మాట్లాడుతూనే ఉండచ్చు, దాన్ని మోసమని ఎవరూ అనరు. నాలుగోసారి కేబీఆర్ పార్క్ చుట్టూ నడుస్తుండగా నేనే అడిగాను: ‘మీరు ఇంకెవరితోనైనా మాట్లాడుతున్నారా?’ ఇంకొకావిడతో మాట్లాడుతున్నానని చెప్పాడు. మనసు చివుక్కుమంది, కానీ అబద్ధం చెప్పలేదు. వారం తర్వాత ఫోన్ చేసి అది ఆపేశానన్నాడు. అప్పుడు నేను రెండు మాటలు చెప్పాను. డిక్రీ వచ్చేదాకా మా ఇంట్లో మీ పేరు ఎత్తను, మీరు కూడా పాపకు నన్ను చూపించొద్దు. రెండోది ఆయనకు నచ్చలేదు. ‘ఫ్రెండ్ అని చెప్తే ఏమవుతుంది?’ అన్నాడు. ఏడేళ్ల పిల్లకు ఒక మనిషిని చూపించి తర్వాత కనిపించకుండా చేయడం నాకిష్టం లేదన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరేనన్నాడు.

ఇక ఇంట్లో సంగతి. అమ్మకు నేను అబద్ధం చెప్పలేదు, పేరూ చెప్పలేదు. పేరు చెప్తే కులం, సొంతిల్లు, మొదటి పెళ్లి ఎందుకు పోయింది అన్న ప్రశ్నలు ఆ సాయంత్రానికే పిన్ని దాకా వెళ్తాయి. అప్పుడు మనం ఒక మనిషిని తెలుసుకోవడం మానేసి ఆయన తరఫున వాదించడం మొదలుపెడతాం. ‘కొందర్ని కలుస్తున్నానమ్మా, చెప్పాల్సింది ఉంటే సంక్రాంతికి చెప్తా, ఈలోపు అడగొద్దు’ అన్నాను. గడువు చెప్పాక రోజూ అడగడం మానేసింది. పూర్తిగా మానలేదనుకోండి, కూరలో ఉప్పు వేస్తూ ఒకసారి నిట్టూరుస్తుంది.

ఫ్రెండ్స్‌లో ఒక్కదానికే అన్నీ చెప్తాను. ఎక్కడికి వెళ్తున్నానో దానికి లొకేషన్ పంపుతాను. పెళ్లయిన ఫ్రెండ్స్ చెప్పే సలహాలు పెళ్లయ్యాక పనికొచ్చేవి: సర్దుకుపోవాలి, అన్నీ పట్టించుకోకూడదు అని. నాలుగుసార్లు కలిసిన మనిషితో సర్దుకుపోవాల్సిన అవసరం ఏముంది? ఆ దశలో అన్నీ పట్టించుకోవాలి.

ఆయన డిక్రీ వచ్చింది, అనుకున్నదానికి నెల ఆలస్యంగా. కాగితం తనే చూపించాడు, నేను మొత్తం చదివాను. పాప ఎవరి దగ్గర ఉండాలి, నెలకు ఎంత ఇవ్వాలి అన్నవి అందులోనే ఉంటాయి, మీరూ చదవండి. రేపు కలిసి బతికితే ఆ షరతులు మన ఇంటి లెక్కల్లోకి కూడా వస్తాయి. సంక్రాంతికి అమ్మకు ఆయన పేరు చెప్పాను. ఆవిడ మొదట అడిగింది పాప గురించే.