ఆ మెయిల్లో మూడు నుడికారాలు

“మా టీమ్‌లో చాలామందికి ఇంగ్లీషు రెండో భాష. నా మెయిల్లో ఈ వాక్యం అర్థం కాలేదన్నారు, ఎలా మార్చాలి? ‘లెట్స్ టచ్ బేస్ వన్స్ యూ హావ్ ఐరన్డ్ అవుట్ ది ఇష్యూస్, సో వుయ్ కెన్ హిట్ ద గ్రౌండ్ రన్నింగ్ ఆన్ మండే.’”

‘టచ్ బేస్’ అంటే ఓసారి మాట్లాడుకోవడం, ‘ఐరన్ అవుట్’ అంటే సమస్యల్ని సరిచేయడం, ‘హిట్ ద గ్రౌండ్ రన్నింగ్’ అంటే మొదటి నుంచే జోరుగా పని మొదలుపెట్టడం. కానీ డిక్షనరీలో ఒక్కో మాటా వెతికితే వాళ్లకు ఇస్త్రీ చేయడం, నేలను కొట్టడం కనిపిస్తాయండి. మాటకు మాట మార్చకుండా ఎవరు, ఏ పని, ఎప్పుడు అని చూసుకోండి. అప్పుడు అసలు లోపం బయటపడుతుంది: సమస్యలు ఏవో, ఎప్పటికి సరిచేయాలో మీరు చెప్పనే లేదు. ఉదాహరణకి:

‘ప్లీజ్ ఫిక్స్ ద టూ లాగిన్ ఎర్రర్స్ బై థర్స్‌డే. ఐ విల్ కాల్ యూ ఆన్ ఫ్రైడే. వుయ్ విల్ స్టార్ట్ టెస్టింగ్ ఆన్ మండే.’

మూడు వాక్యాలు, ఒక్కోదాంట్లో ఒకే పని.

నుడికారంలా కనిపించనివి ఇంకా ప్రమాదం. బుధవారం మీటింగ్‌ని ‘మూవ్ ఫార్వర్డ్ టూ డేస్’ అంటే కొందరికి సోమవారం, కొందరికి శుక్రవారం. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే ఇక్కడ తడబడతారు. కాబట్టి కొత్త తేదీ రాసేయండి. అలాగని ‘ఇఫ్’, ‘బికాజ్’ లాంటివి కోసేయకండి. అవి పోతే వాక్యాల మధ్య సంబంధం చదివేవాళ్లే ఊహించుకోవాలి. పంపాక ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ ఎస్ అనేస్తారు. ‘గురువారానికి మీరేం చేస్తారు?’ అని అడిగి చూడండి.